మారని మరుగు

మా ప్రాంతపు పిల్లలకు పదవ తరగతి దాటగానే తెలుగు ఒక్క భాషా పాఠానికే పరిమితమవుతుంది. రసాయనశాస్త్రం తమిళంలోనో ఆంగ్లంలోనో చదువుకుంటారు. అయినా కొందరు పిల్లలు ఒక కొత్త పదం ఎదురైనప్పుడు తెలుగు అయ్యవారి దగ్గరకు వచ్చి, "దీనికి మన మాట ఏమిటి?" అని అడుగుతారు. నాకు ఆ ప్రశ్న చాలా ఇష్టం. మాట చెప్పాలంటే ముందు వస్తువు తెలియాలి గనుక, ఆ నెపంతో నేను కూడా ఏదో ఒకటి నేర్చుకుంటూ ఉంటాను. 'అజియోట్రోప్' అన్న పదం అలా నా దగ్గరకు వచ్చింది. ప్లస్ టూ చదువుతున్న ఒక అమ్మాయి తెచ్చింది. నిఘంటువులో 'స్థిర క్వథన మిశ్రమం' అని ఉన్నది. క్వథనమంటే మరగడం. ఒకే ఉష్ణోగ్రత వద్ద మరిగే మిశ్రమమని అర్థం చెప్పి పంపించవచ్చును. కానీ ఆ అమ్మాయి వెళ్ళలేదు.

"అయ్యవారూ, సారాయిని ఎన్నిసార్లు మళ్ళీ మళ్ళీ కాచినా నూటికి నూరుపాళ్ళూ రాదంటున్నారు. ఎందుకు రాదు? ఇంకో పదిసార్లు కాస్తే రాదా?" అన్నది.

ఈ ప్రశ్నకు సమాధానం పదంలో లేదు. మా పాఠశాలలో రసాయనశాస్త్రం చెప్పే మిత్రునితో కూర్చుని కొన్ని సాయంకాలాలు గడిపిన తరువాత నాకు బోధపడిన క్రమంలోనే ఇక్కడ వ్రాస్తున్నాను. మీ పిల్లలో, మీ విద్యార్థులో ఇదే ప్రశ్న వేయకపోరు.

ముందుగా స్వేదనం సంగతి. స్వేదమంటే చెమట. అన్నం ఉడికేటప్పుడు మూత లోపల పట్టే చెమటయే స్వేదనానికి ప్రాథమిక రూపం. ద్రవం ఆవిరై, ఆ ఆవిరి చల్లని చోట తిరిగి ద్రవమవుతుంది. రెండు ద్రవాలు కలిసి ఉన్నప్పుడు ఏది తేలికగా ఆవిరి అవుతుందో దాని పాలు ఆవిరిలో హెచ్చుగా ఉంటుంది. ఆ ఆవిరిని చల్లార్చి, వచ్చిన దానిని మళ్ళీ మరిగించి, మళ్ళీ చల్లార్చితే పాలు ఇంకా హెచ్చుతుంది. ఇలా పలుమార్లు చేయడం కష్టం కనుక ఒక నిలువు స్తంభంలో అరలు అరలుగా పళ్ళాలు అమర్చుతారు. క్రింది పళ్ళెం ఆవిరి పై పళ్ళెంలో ద్రవమవుతుంది, అక్కడ మరిగి ఇంకా పైకి పోతుంది. ఒక్కొక్క పళ్ళెం ఒక్కొక్కసారి కాచినదానితో సమానం. దీనినే అంశిక స్వేదనం అంటారు. సారాయి కాచే బట్టీలో ఉన్నది ఒక్క కాపు మాత్రమే. స్తంభంలో పదులకొద్దీ కాపులు ఒకేసారి జరుగుతాయి. (పాఠాన్ని బట్టీ పట్టే పిల్లలు కూడా పదులకొద్దీ కాపులు కాస్తారు గాని, వారి స్తంభం పైన ఏమి దిగుతుందో మనకు తెలిసినదే.)

ఇక ఆవిరి లెక్క. 1880ల దశకంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రౌల్ట్ ఒక సులువైన నియమాన్ని కనుగొన్నాడు. మిశ్రమంలోని అణువులలో ఒక ద్రవానివి ఎంత భాగమో, ఆ ద్రవం చూపే ఆవిరి ఒత్తిడి కూడా అంత భాగమే. సగం అణువులు దానివైతే, అది ఒంటరిగా ఉన్నప్పుడు చూపే ఒత్తిడిలో సగం చూపుతుంది. ఇది కచ్చితంగా నడవాలంటే ఒక షరతు ఉన్నది. పక్కన ఉన్నది తన జాతి అణువైనా పరాయి జాతి అణువైనా ఒకే తీరుగా ఉండాలి. బెంజీన్, టాలుయీన్ ఒకదానినొకటి పోలిన ద్రవాలు. వాటి మిశ్రమం ఈ నియమాన్ని దాదాపుగా పాటిస్తుంది. అటువంటి దానిని ఆదర్శ ద్రావణం అంటారు. ఆదర్శ ద్రావణాన్ని అంశిక స్వేదనంతో, పళ్ళాలు చాలినన్ని ఉంటే, రెండు శుద్ధ ద్రవాలుగా విడదీయవచ్చును. పైన తేలికగా మరిగేది, అడుగున ఆలస్యంగా మరిగేది. ఇక్కడ మన అమ్మాయి అడిగినట్లు ఇంకో పది కాపులు కాస్తే ఫలితం ఉంటుంది.

కాని లోకంలో ఆదర్శ ద్రావణాలు తక్కువ. కొన్ని జంటలలో పరాయి అణువుల నడుమ అణువు ఇమడలేదు. తప్పించుకుని ఆవిరిలోకి పోవాలని చూస్తుంది. అప్పుడు ఆవిరి ఒత్తిడి రౌల్ట్ లెక్క కంటె ఎక్కువ ఉంటుంది. ఇది ధన విచలనం. కొన్ని జంటలలో పరాయి అణువే తన అణువు కంటె గట్టిగా పట్టుకుంటుంది. ఆవిరి ఒత్తిడి లెక్క కంటె తగ్గుతుంది. ఇది ఋణ విచలనం. ధనమంటే మంచిదని, ఋణమంటే చెడ్డదని కాదు. లెక్కకు పైన, లెక్కకు క్రింద అని మాత్రమే. ఆవిరి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడితో సమానమైనప్పుడు ద్రవం మరుగుతుంది కాబట్టి, ఒత్తిడి ఎక్కువగా చూపే మిశ్రమం ముందుగా, అనగా తక్కువ వేడిమి వద్ద మరుగుతుంది. తక్కువగా చూపేది ఎక్కువ వేడిమి కోరుతుంది.

ఇప్పుడు నల్లబల్ల మీద ఒక బొమ్మ గీయండి. అడ్డంగా మిశ్రమంలోని పాళ్ళు, నిలువుగా మరుగుస్థానం. ఆదర్శ ద్రావణానికి గీత ఒక కొస నుండి మరొక కొసకు ఒకే వాలుగా దిగుతుంది. ధన విచలనం బలంగా ఉంటే గీత మధ్యలో ఎక్కడో రెండు కొసల కంటె క్రిందికి జారి ఒక పల్లం ఏర్పడుతుంది. ఋణ విచలనం బలంగా ఉంటే రెండు కొసల కంటె పైకి లేచి ఒక మిట్ట ఏర్పడుతుంది. ఈ పల్లం అడుగున, ఈ మిట్ట శిఖరాన ఒక విశేషం ఉన్నది. అక్కడ ద్రవంలో ఏ పాళ్ళు ఉన్నవో ఆవిరిలోనూ అవే పాళ్ళు ఉంటాయి. పాళ్ళు మారనప్పుడు కాపుకు అర్థమేమున్నది? పది పళ్ళాలున్నా వంద పళ్ళాలున్నా క్రింద పోసినదే పైన దిగుతుంది. అమ్మాయి అడిగిన దానికి జవాబు ఇదే.

మాటను గురించి కూడా ఇక్కడే చెప్పవలసి ఉన్నది. జాన్ వేడ్, రిచర్డ్ మెరిమన్ అనే ఇద్దరు ఆంగ్ల రసాయనికులు 1911లో గ్రీకు ధాతువుల నుండి ఈ పదాన్ని నిర్మించారు. మరుగుట వలన మార్పు లేనిది అని దాని భావం. మన 'స్థిర క్వథన మిశ్రమం' ఉష్ణోగ్రత స్థిరంగా ఉండటాన్ని చెబుతున్నది. గ్రీకు మాట పాళ్ళు మారకపోవడాన్ని చెబుతున్నది. రెండూ ఒకే వస్తువుకు గుర్తులే గాని, అసలు కారణం రెండవదే. ఉష్ణోగ్రత కదలకపోవడం దాని పర్యవసానం. అందుచేత నేను పిల్లలకు పుస్తకపు మాటతో పాటు 'మారని మరుగు' అని కూడా చెబుతున్నాను. పరీక్షలో వ్రాయడానికి కాదు, మనసులో పెట్టుకోవడానికి.

సారాయి లెక్కకు వద్దాము. ఇథైల్ ఆల్కహాలు 78.4 డిగ్రీల సెల్సియస్ వద్ద, నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతాయి. రెండింటి మిశ్రమంలో బరువున 95.6 శాతం ఆల్కహాలు, 4.4 శాతం నీరు ఉన్నప్పుడు అది 78.2 డిగ్రీల వద్ద మరుగుతుంది. శుద్ధ ఆల్కహాలు కంటె కూడా రెండు పదవ వంతులు తక్కువ. పల్లం ఎంత లోతు లేనిదో చూడండి! అయినా దాటనివ్వదు.

పులిసిన ద్రవంలో బరువున 10 శాతం ఆల్కహాలు ఉన్నదనుకుందాము. మరిగిస్తే మొదటి ఆవిరిలో అది సుమారు 50 శాతం ఉంటుంది. ఒక్క కాపులో అయిదింతలు! ఆ 50 శాతాన్ని మరిగిస్తే సుమారు 77. దానిని మరిగిస్తే 84, తరువాత 88, ఆ తరువాత 90 దగ్గర. మొదటి అంగ నలభై, తరువాతివి ఇరవై ఏడు, ఏడు, నాలుగు, రెండు. అంగలు పొట్టివవుతూ 95.6ను సమీపిస్తాయి గాని దానిని దాటవు. ఆ అమ్మాయి ఈ అంకెలను గీతపై మెట్లుగా గీసినప్పుడు, పైకి పోయేకొద్దీ మెట్లు ఇరుకై చివరకు పెన్సిలు మొనకే చోటు లేకపోయింది. నేను ఎంత చెప్పినా రానిది ఆ బొమ్మతో వచ్చినది.

ఇప్పుడు ఆ ద్రవం 100 గ్రాములు స్తంభంలో పెట్టి చివరి వరకు నడిపితే ఏమి వస్తుంది? ఆల్కహాలు ఉన్నది 10 గ్రాములు. అది పోయేటప్పుడు తన పాలు నీటిని వెంటబెట్టుకుని పోతుంది. పదిని 0.956తో భాగిస్తే సుమారు 10.46. అంటే పైన 10.46 గ్రాముల మారని మరుగు. అడుగున మిగిలిన 89.54 గ్రాములు శుద్ధమైన నీరు. అంశిక స్వేదనం ఇక్కడ ఓడిపోయిందని అనకూడదు. నీటిని శుద్ధంగా ఇచ్చినది. ఆల్కహాలును మాత్రం ఇవ్వలేదు.

అదే మనం పల్లానికి ఆవలి గట్టు నుండి బయలుదేరితే? ఎక్కడి నుండో 98 శాతం ఆల్కహాలు 100 గ్రాములు తెచ్చామనుకోండి. నీరు 2 గ్రాములు. ఈసారి కూడా పైకి పోయేది 95.6 శాతపు మిశ్రమమే. రెండు గ్రాముల నీటిని 0.044తో భాగిస్తే సుమారు 45.5 గ్రాములు. అంటే పైన 45.5 గ్రాముల మారని మరుగు పోయి, అడుగున 54.5 గ్రాముల శుద్ధ ఆల్కహాలు మిగలాలి. సిద్ధాంతం అలా చెబుతుంది. రెండింటి మరుగుస్థానాల మధ్య తేడా 0.2 డిగ్రీలే కనుక ఆచరణలో ఇది గిట్టుబాటు కాదు. అయినా బయలుదేరిన గట్టును బట్టి ఫలితం మారుతుందన్న సూత్రం ఇక్కడ స్పష్టమవుతుంది.

నీరు పల్లమెరుగును అన్న సామెతను నేను ఇక్కడ ఉపయోగించుకున్నాను. స్తంభంలో ఆవిరి ఎప్పుడూ మరుగుస్థానపు గీత మీద పల్లానికి దిగుతుంది. అడుగున మిగిలేది ఎప్పుడూ మిట్టకు ఎక్కుతుంది. గీతలో పల్లం ఉంటే, ఏ గట్టు నుండి వచ్చినా ఆవిరి ఆ పల్లంలో పడి ఆగిపోతుంది, మిగులు ఆ గట్టు వైపు కొసకు చేరి శుద్ధ ద్రవమవుతుంది. ఒక గట్టు నుండి మరొక గట్టుకు పోవడం మాత్రం ఉండదు.

ప్రయోగశాలలోని స్పిరిట్ సీసాపై 95 శాతమని ఉంటుంది. పిల్లలు వెంటనే ఇదే ఆ 95.6 అంటారు. కాదు. సీసాపై ఉన్నది కొలపాత్రతో కొలిచిన పాలు. బరువున 95.6 శాతమంటే కొలతలో సుమారు 97 శాతం. కర్మాగారాలలో పల్లం అడుగు దాకా పోకుండా కాస్త ముందే ఆపుతారు, ఎందుకంటే ఆ చివరి ఇరుకు మెట్లకు అయ్యే ఖర్చు ఎక్కువ. అంకె చూసినప్పుడు బరువా, కొలతా అని అడగడం నేర్పవలసిన అలవాటు.

అప్పుడు అమ్మాయి ఇంకొక చిక్కు తెచ్చింది. ధన విచలనం ఉన్నచోట కలిపేటప్పుడు వేడి గ్రహింపబడి ద్రావణం చల్లబడుతుందని, ఘనపరిమాణం పెరుగుతుందని తన నోట్సులో ఉన్నది. కాని స్పిరిట్‌లో నీరు పోసినప్పుడు పాత్ర చేతికి వెచ్చగా తగిలింది. 50 మిల్లీలీటర్లకు 50 కలిపితే 100 రాలేదు; మూడు నాలుగు తగ్గినవి. అయితే ఇది ఋణ విచలనం కాదా?

నా మిత్రుడు ఈ ప్రశ్న విని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. నోట్సులోని వాక్యం చాలా జంటలకు నిజమే గాని, ఆల్కహాలు-నీరు జంట దానికి లొంగదు. ఆల్కహాలు అణువుకు రెండు ముఖాలున్నవి. ఆక్సిజన్ ఉన్న కొస నీటితో చేయి కలుపుతుంది. అక్కడ వేడి వెలువడుతుంది. కర్బనాల తోక నీటికి గిట్టదు. ఆ తోక చుట్టూ నీటి అణువులు ఒక క్రమంలో సర్దుకొనవలసి వస్తుంది, వాటి స్వేచ్ఛ తగ్గుతుంది. అణువు ద్రవాన్ని విడిచి పోవాలా వద్దా అన్నది వేడి ఒక్కటే నిర్ణయించదు, ఈ స్వేచ్ఛ కూడా నిర్ణయిస్తుంది. ఇక్కడ రెండవదానిదే పైచేయి. అందువలన కలిపేటప్పుడు వెచ్చబడినా, ఆవిరి ఒత్తిడి మాత్రం రౌల్ట్ లెక్క కంటె ఎక్కువే. విచలనం ధనమా ఋణమా అన్నదానికి తుది తీర్పు ఆవిరి ఒత్తిడిదే. వెచ్చదనం, ఘనపరిమాణం సాక్షులు మాత్రమే. ఒక్కొక్కప్పుడు సాక్షులు తప్పు చెబుతారు. ఆ అమ్మాయి నోట్సులోని వాక్యం పక్కన 'సాధారణంగా' అని ఒక మాట చేర్చుకున్నది. ఆ ఒక్క మాట చేర్చడం నాకు పాఠమంతటి కంటె ఎక్కువ సంతోషం కలిగించింది.

ఇక మిట్ట సంగతి. దానికి ఉదాహరణ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు సున్నాకు క్రింద 85 డిగ్రీల వద్దే మరిగే పదార్థం. నీరు 100 డిగ్రీలు. రెండూ కలిసిన మిశ్రమం ఈ రెండింటి నడుమ ఎక్కడో మరగాలని మనకు తోస్తుంది. కాని బరువున 20.2 శాతం హైడ్రోజన్ క్లోరైడ్ ఉన్న ఆమ్లం 108.6 డిగ్రీల వద్ద మరుగుతుంది! నీటిలో పడగానే ఆ వాయువు అయాన్లుగా విడిపోయి నీటి అణువులను గట్టిగా పట్టుకుంటుంది. రెండూ ఒకదానినొకటి ఆవిరిలోకి పోనివ్వవు.

10 శాతం ఆమ్లాన్ని 100 గ్రాములు మరిగిస్తే, మిట్టకు ఎడమ వాలున ఉన్నాము కనుక ఆవిరి ఆ వైపు పల్లానికి, అంటే నీటి కొసకు పోతుంది. చక్కని స్తంభంతో పైన శుద్ధమైన నీరు సుమారు 50.5 గ్రాములు దిగుతుంది, అడుగున 49.5 గ్రాముల 20.2 శాతం ఆమ్లం మిగులుతుంది. దుకాణంలో దొరికే 36 శాతం గాఢ ఆమ్లాన్ని మరిగిస్తే కుడి వాలు. ఈసారి పోయేది నీరు కాదు, వాయువు. 100 గ్రాముల నుండి 19.8 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడ్ వెళ్ళిపోగా మిగిలిన 80.2 గ్రాములలో 16.2 గ్రాముల ఆమ్లవాయువు ఉంటుంది. భాగించి చూడండి, మళ్ళీ 20.2 శాతమే. పలుచని ఆమ్లం మరిగితే గాఢమవుతున్నది, గాఢమైనది మరిగితే పలుచనవుతున్నది. రెండూ ఒకే శిఖరానికి చేరుతున్నవి. ఇక్కడ మారని మరుగు అడుగున మిగిలినది, శుద్ధ పదార్థం పైకి పోయినది. సారాయిలో దీనికి సరిగ్గా తలక్రిందులు. పరీక్షలో పిల్లలు తారుమారు చేసేది ఇదే. పల్లమా మిట్టా అని ముందు గీత గీయించండి. (గాఢ ఆమ్లాన్ని మరిగించడం ఇంటిలో చేయదగినది కాదు; ఆ పొగ ఊపిరితిత్తులను కాలుస్తుంది. ప్రయోగశాలలో కూడా పొగగూడు ఉంటేనే.)

ఈ 20.2 శాతానికి ఒక చిత్రమైన చరిత్ర ఉన్నది. ఆ పాళ్ళను అణువుల లెక్కలోకి మార్చితే ఒక్క హైడ్రోజన్ క్లోరైడ్‌కు దాదాపు కచ్చితంగా ఎనిమిది నీటి అణువులు. మరుగుస్థానం కదలదు, పాళ్ళు మారవు, అణువుల నిష్పత్తి పూర్ణాంకం. ఇంకేమి కావాలి, ఇది ఒక సమ్మేళనమే అని 19వ శతాబ్దపు రసాయనికులు అనుకోవడంలో వింత లేదు. 1860 ప్రాంతంలో రాస్కో, డిట్మార్ అనే ఇద్దరు ఒత్తిడి మార్చి అదే ఆమ్లాన్ని మరిగించారు. ఒత్తిడి మారగానే స్థిరంగా మరిగే మిశ్రమపు పాళ్ళు కూడా మారినవి. సమ్మేళనమైతే మారకూడదు. ఒకటికి ఎనిమిది అన్నది మనం నివసించే గాలి ఒత్తిడి వద్ద తటస్థించిన కాకతాళీయం మాత్రమే. స్థిరంగా మరిగినంత మాత్రాన శుద్ధ పదార్థం కాదు అని బోధించడానికి దీనికి మించిన కథ నాకు తెలియదు.

విచలనం ఉన్న ప్రతి చోటా పల్లమో మిట్టో ఏర్పడుతుందని మాత్రం అనుకోకూడదు. మిథైల్ ఆల్కహాలు, నీరు కూడా ధన విచలనం చూపుతాయి. కాని వాటి మరుగుస్థానాలు 64.7, 100. అంత ఏటవాలు గీతను ఆ కొద్ది విచలనం వంచగలదు గాని పల్లం చేయలేదు. అందుచేత ఆ రెండింటినీ స్తంభంతో పూర్తిగా విడదీయవచ్చును. కొసల ఎత్తులు దగ్గరగా ఉన్నచోట చిన్న విచలనం కూడా చాలు. అసిటోన్ 56, క్లోరోఫాం 61 డిగ్రీల వద్ద మరుగుతాయి. వాటి ఋణ విచలనం 64 దాటిన మిట్టను లేపుతుంది.

మరి శుద్ధ ఆల్కహాలు లోకంలో ఎలా దొరుకుతున్నది? స్తంభం ఒక్కదానితో కాదు. రాస్కో, డిట్మార్ చూపిన దారి ఒకటి: ఒత్తిడి తగ్గిస్తే పల్లం కదులుతుంది. గాలి ఒత్తిడిలో సుమారు పదవ వంతుకు దిగితే ఆల్కహాలు-నీటి పల్లం కొస దాకా జరిగి మాయమవుతుంది. కాని అంతటి శూన్యంలో పెద్ద స్తంభాన్ని నడపడం ఖర్చుతో కూడినది. రెండవది పొడి సున్నం. సున్నం నీటితో కలిసి తడి సున్నమై దానిని బంధిస్తుంది, ఆల్కహాలును ముట్టదు. ఆ తరువాత ఒక్క కాపు చాలును. మూడవది 1902లో సిడ్నీ యంగ్ చూపినది. మిశ్రమంలో బెంజీన్ కలుపుతారు. ఆల్కహాలు, నీరు, బెంజీన్ మూడూ కలిసి 64.9 డిగ్రీల వద్ద ఇంకొక లోతైన పల్లాన్ని ఏర్పరుస్తాయి. నీరు ఆ పల్లం గుండా బయటకు పోతుంది. ఒక మారని మరుగు అడ్డుగా ఉంటే, దానిని తీయడానికి ఇంకొక మారని మరుగును నియోగించడమన్న మాట! బెంజీన్ క్యాన్సర్ కారకమని తేలిన తరువాత దాని స్థానంలో సైక్లోహెక్సేన్ వంటివి వచ్చినవి.

నేడు ఇంధన ఆల్కహాలు కర్మాగారాలలో ఎక్కువగా వాడేది అణు జల్లెడ. సన్నని రంధ్రాలు గల గుళికలవి. రంధ్రం వెడల్పు ఒక మీటరును వెయ్యి కోట్ల భాగాలు చేస్తే అందులో మూడు భాగాలు. నీటి అణువు దానిలో దూరుతుంది, ఆల్కహాలు అణువు దూరదు. మరుగుస్థానంతో నిమిత్తం లేని జల్లెడ కనుక పల్లం దానిని ఆపలేదు. మన దేశంలో 2003లో కొన్ని రాష్ట్రాలలో పెట్రోలులో 5 శాతం ఆల్కహాలు కలపడం మొదలయినది. 2025 నాటికి అది 20 శాతానికి చేరినది. దానికి 95.6 చాలదు. మిగిలిన ఆ కాస్త నీరు పెట్రోలుతో కలవక, ఆల్కహాలును తనవైపు లాగి, ట్యాంకు అడుగున వేరే పొరగా దిగే ప్రమాదమున్నది. అందుచేత ప్రతి చుక్కా స్తంభం దాటిన తరువాత ఆ జల్లెడ దాటి రావలసినదే.

ప్రయోగశాలలో మేము పొడి సున్నపు పద్ధతిని చిన్న ఎత్తున చేసి చూశాము. నీరు పోయినదా లేదా తెలుసుకోవడానికి వేడి చేసి తెల్లబరచిన మైలుతుత్తం వాడాము. నీరు తగిలితే అది తిరిగి నీలమవుతుంది. మంట దగ్గర ఆల్కహాలు ఉండకూడదు కనుక నీటి తొట్టిలో పెట్టి వేడి చేశాడు నా మిత్రుడు. ముందు సీసాలోని స్పిరిట్‌ను అలాగే స్వేదనం చేశాము. ఉష్ణమాపకం 78 దాటి కదలలేదు. చూసిన వారెవరైనా శుద్ధమనే అంటారు. ఆ స్వేదనంలో తుత్తపు పొడి వేస్తే కొద్దిసేపటికి లేత నీలం తేలింది. తరువాత, ఒక రాత్రంతా పొడి సున్నంలో నానబెట్టిన స్పిరిట్‌ను కాచాము. ఉష్ణమాపకం మళ్ళీ అక్కడే నిలిచినది. మా పరికరంతో తేడా కనిపించలేదు. పొడి వేశాము. తెల్లగానే ఉన్నది. అమ్మాయి రెండు గొట్టాలనూ వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసి, "రెండింటికీ వేడిమి ఒకటే చూపింది కదా అయ్యవారూ, ఉష్ణమాపకానికేమి తెలుస్తుంది!" అన్నది.